పైన ఐస్ కడుతోంది, కింద పాలు విరుగుతున్నాయి

సిరిసిల్లలో మా మరదలు వాళ్లు అద్దెకుండే ఇంట్లో రెండు పోర్షన్లకూ కలిపి ఓనరు ఒకే ఫ్రిజ్ ఇచ్చాడు. దాని ఖర్చు అద్దెలోనే కలిసి ఉంది. కొన్నాళ్లుగా అందులో పెట్టిన పాలు విరుగుతున్నాయి, దోసెల పిండి ఒక్క రాత్రికే పులిసి పొంగుతోంది. "ఫ్రిజ్ మంచిగ లేదు అంకుల్" అని మూడుసార్లు మెసేజ్ పెట్టింది. "పైన ఐస్ కడుతోంది కదమ్మా" అని ఆయన జవాబు.

నన్నడిగితే ఇద్దరూ నిజమే చెప్తున్నారు. తప్పంతా మెసేజ్‌లో ఉంది. "మంచిగ లేదు" అంటే ఓనరుకు ఫిర్యాదు వినిపిస్తుంది కానీ రోగం తెలియదు.

వాళ్లది ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్. ఇందులో చల్లదనం ఫ్రీజర్ వెనక గోడ లోపలుండే కాయిల్ దగ్గర పుడుతుంది. ఫ్యాను ఆ చల్లగాలిని కిందికి పంపుతుంది. కాయిల్ మీద పేరుకునే మంచును ఒక చిన్న హీటరు అప్పుడప్పుడు కరిగించాలి. హీటరో, దాన్ని నడిపించే సెన్సరో పోతే మంచు గడ్డకట్టి గాలిదారి మూసుకుపోతుంది. అప్పుడు పైన ఐస్ కడుతూనే ఉంటుంది, కింద మాత్రం వేడెక్కుతుంది. ఒక రోజంతా ఆపి పెడితే మంచు కరిగి మళ్లీ బాగానే పనిచేస్తుంది. కొన్నాళ్లకు మళ్లీ అదే కథ. మెకానిక్ వచ్చి మంచు కరిగించి పోతే రిపేరు అయినట్టు కాదు.

రాసే ముందు రెండు చూసుకోవాలి. తలుపు సందులో కాగితం పెట్టి మూసి లాగాలి, సులువుగా జారి వస్తే రబ్బరు పోయినట్టు. రెండు పోర్షన్ల గిన్నెలూ గాలి వచ్చే రంధ్రాలకు అడ్డం ఉన్నాయేమో చూడాలి. తర్వాత మధ్య అరలో గ్లాసు నీళ్లలో ఫ్రిజ్ థర్మామీటరు రాత్రంతా ఉంచాలి. 5 డిగ్రీలు దాటకూడదు. జ్వరం చూసే థర్మామీటరు ఇంత తక్కువ చూపించదు.

ఇవన్నీ చూశాక మా మరదలు ఇలా రాసింది:

"అంకుల్, నమస్తే. ఫ్రీజర్‌లో ఐస్ కడుతోంది కానీ కింద అరలో పొద్దున 13 డిగ్రీలు ఉంది, ఫోటో పెట్టాను. తలుపు రబ్బరు బాగానే ఉంది. పోయిన ఆదివారం రోజంతా ఆపితే ఐదు రోజులు మంచిగ నడిచింది, మళ్లీ ఇట్లనే అయింది. మెకానిక్‌తో హీటరు, సెన్సరు, ఫ్యాను చూపించండి. గురువారం లోపు పంపిస్తరా? నేను ఇంట్లనే ఉంట. పక్క పోర్షన్ అక్కకు కూడా చెప్పిన."

పాడైన పాల లెక్క ఇందులో లేదు. మొదటి మెసేజ్‌లోనే డబ్బు మాట వస్తే గొడవ దానిమీదికే పోతుంది, ఫ్రిజ్ పక్కకు పోతుంది. గడువు దాటాక రాసే రెండో మెసేజ్‌లో ఆ లెక్క పెట్టొచ్చు. అద్దెలో మనంతట మనమే కోసుకోవడం మాత్రం వద్దు, ముందు ఒప్పుకున్నాకే.

బాగయ్యేదాకా మాంసం, వండిన అన్నం అందులో దాచొద్దు. వాసన రాలేదని తినేయకూడదు, జబ్బు చేసే క్రిములకు వాసన ఉండాలని లేదు.