దూరపు పరిచయం తెరిచే తలుపు

నాదెండ్లలో ఐటీఐ ఎలక్ట్రీషియన్ కోర్సు పూర్తిచేసిన ఒక యువకుణ్ణి ఊహించుకుందాం. ప్రాణమిచ్చే స్నేహితులు పదిమంది ఉన్నారు. అందరిదీ ఒకే వీధి, ఒకే మస్జిదు, ఒకే టీకొట్టు. అతనికి తెలియని ఖాళీ వారికీ తెలియదు. మండలంలోనే ఉన్న గణపవరం నూలు మిల్లుల్లో ఎప్పుడు ఎవరిని తీసుకుంటారో ఆ పదిమందిలో ఒక్కరూ చెప్పలేరు.

2007లో చట్టమైన బీసీ-ఇ 4 శాతం రిజర్వేషన్ విద్యకు, ప్రభుత్వ ఉద్యోగాలకు పరిమితం. మిల్లు గేటు వద్ద అది పనిచేయదు. అక్కడ చాలా ఖాళీలు ప్రకటనతో కాక నోటిమాటతో నిండుతాయి. ఆ మాట మన వీధిదాకా రాకపోతే మన పిల్లలు పోటీలోనే ఉండరు.

అమెరికా సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానొవెటర్ బోస్టన్ సమీపంలోని న్యూటన్ పట్టణంలో ఉద్యోగం మారినవారిని ప్రశ్నించి, 1973లో ఫలితాలు ప్రకటించారు. తెలిసినవారి ద్వారా ఉద్యోగం దొరికిన 54 మందిలో, ఆ మనిషిని తరచూ కలిసేవారు 9 మందే. అప్పుడప్పుడు కలిసేవారు 30 మంది, ఏడాదికొకసారి లేదా అంతకన్నా అరుదుగా కలిసేవారు 15 మంది. ఆప్తులకు ప్రేమ ఎక్కువే. కానీ వారు విన్నది మనమూ వినే ఉంటాం. దూరపు పరిచయస్థుడు వేరే లోకంలో తిరుగుతాడు గనుక కొత్త కబురు మోసుకొస్తాడు.

మన యువకుడికి అలాంటివాడు ఉండే ఉంటాడు. ఐటీఐలో ఒక ఏడాది ముందు చదివి, ఇప్పుడు మిల్లులో మరమ్మతు విభాగంలో పనిచేస్తూ, వలీమా విందుల్లో మాత్రమే కనిపించే సీనియర్. అతణ్ణి "ఉద్యోగం ఇప్పించన్నా" అంటే ఇబ్బందిపడి తప్పుకుంటాడు. మన పనితనం తెలియని మనిషి తన మాటను మనకోసం పూచీగా పెట్టడు. "అన్నా, మీ విభాగంలో ఖాళీలు ఏ నెలల్లో పడతాయి? దరఖాస్తు ఎవరికివ్వాలి?" అని అడిగితే రెండు నిమిషాల్లో చెబుతాడు. చెప్పినట్టు వెళ్లి, ఏమైందో అతనికి తిరిగి తెలియజేయాలి. మరుసటి కబురు అతనే పంపేది అప్పుడే.

అయితే ముఖం మాత్రమే తెలిసినవారిపై ఆశపెట్టుకోరాదు. లింక్డిన్‌లో రెండు కోట్ల మందిని పరిశీలించి 2022లో వెలువడిన అధ్యయనంలో, మరీ దగ్గరా మరీ దూరమూ కాని పరిచయాలే ఎక్కువగా ఉపకరించాయి. హామీ సంతకం, కష్టకాలపు అప్పు మాత్రం ఆప్తుల వద్దే దొరుకుతాయి.

ఆడపిల్లలకు ఈ దారి మరింత ఇరుకు. విందులో మనకు తారసపడే సీనియర్ వారికి తారసపడడు. వారికి పాత ఉపాధ్యాయినులు, తోటి విద్యార్థినుల అక్కలే ఆ వారధి. ఆ ఫోన్ నంబర్లు పెళ్లితో చెరిగిపోకుండా చూడడం కుటుంబాల పని. మస్జిదు కమిటీలు ఒక పుస్తకంలో మనవారెవరు ఏ మిల్లులో, ఏ ఆసుపత్రిలో, ఏ కార్యాలయంలో ఉన్నారో వారి సమ్మతితో రాసిపెట్టవచ్చు. ఇదంతా హక్కుకు ప్రత్యామ్నాయం కాదు. ప్రతి ఖాళీనీ గేటు బయట బోర్డుపై రాయాలని యాజమాన్యాలను అడుగుతూనే ఉందాం. ఆ బోర్డు వెలిసేవరకు, ఏడాదికొకసారి కలిసే ఆ మనిషిని ఈ నెలలోనే పలకరిద్దాం.