డబ్బు కట్టకముందే అగ్రిమెంట్ తెలుగులో చేతికివ్వాలి

హైదరాబాద్‌లోని ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ గారికి,

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పల్లెల నుంచి దుబాయ్ వెళ్లే కూలీ ఫైలు మీ బల్ల మీదికి వచ్చేసరికి అతను వడ్డీకి తెచ్చిన సొమ్ము ఏజెంటుకు ముట్టజెప్పి ఉంటాడు. ఆ తర్వాత అగ్రిమెంట్‌లో ఏ లోపం కనబడినా వెనక్కి తగ్గలేడు. అందుకే, పైసా తీసుకోకముందే తెలుగు ప్రతి అతని చేతికి ఇవ్వాలనీ, అందిన తేదీతో అతని సంతకం ఉంటేనే క్లియరెన్స్ ఇస్తామనీ మీరు షరతు పెట్టాలని కోరుతున్నాను.

జీతం సంగతే చూడండి. ఏజెంటు నోటితో చెప్పేది “నెలకు 1,500 దిర్హాములు” అనే ఒక్క మాట. కాగితంలో అది బేసిక్ 800, అలవెన్సులు 400, ఓవర్‌టైమ్ 300గా విడిపోయి ఉండొచ్చు. ఓవర్‌టైమ్ పని దొరకని నెలలో 300 రాదు. దొరికినా ఆ రేటును యూఏఈ చట్టం బేసిక్ మీదే లెక్కగడుతుంది. మానేసి వచ్చేటప్పుడు ఇచ్చే గ్రాట్యుటీ కూడా అంతే, మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్. రెండేళ్లు చేసినవాడికి బేసిక్ 1,500 అయితే 2,100 దిర్హాములు, 800 అయితే 1,120 వస్తాయి. ఆ తేడా ఊళ్లో డబ్బు కట్టేనాడు ఎవరికీ కనబడదు.

వీసా ఖర్చు దగ్గర మోసం ఇంకా సూటిగా ఉంటుంది. అక్కడి చట్టం ప్రకారం నియామక ఖర్చులను యజమాని కార్మికుడి నుంచి వసూలు చేయకూడదు. ఇక్కడ రిజిస్టర్డ్ ఏజెంటు తీసుకోగలిగేది 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ. “వీసా డబ్బులు” అంటూ అంతకు మించి రసీదు లేకుండా అడిగితే అక్కడే ఆగిపోవాలి. వసతి విషయంలో “ఇస్తాం” అన్న ముక్క చాలదు. క్యాంపు కంపెనీదేనా, కరెంటుకూ రవాణాకూ జీతంలో కోత ఉందా అన్నది రాసి ఉండాలి. తిరుగు టికెట్‌కూ అంతే. ఒప్పందం ముగిశాక ఎవరిస్తారో, కంపెనీ మధ్యలో తీసేస్తే ఎవరిస్తారో రెండూ ఉండాలి.

ఇంత తిరకాసు పెడితే వీసా వేరే రాష్ట్రం వాడికి పోతుందని ఏజెంట్లు అంటారు. కొంత నిజమే. కానీ రెండు పేజీలు చదివేందుకు పట్టే ఒక్కరోజుకే చేజారిపోయే ఉద్యోగమైతే, ఆ తొందర ఎందుకో అనుమానించాల్సిందే. పదో తరగతి పాసైనవారికి మీ క్లియరెన్స్ అక్కర్లేదు కాబట్టి ఈ షరతు వారికి తగలదన్నది అంతకంటే బలమైన అభ్యంతరం. అయితే వారినీ పంపేది చాలాసార్లు లైసెన్సు ఉన్న ఏజెంట్లే. షరతును పాస్‌పోర్టుకు కాక ఏజెంటు లైసెన్సుకు ముడిపెట్టేలా ఢిల్లీకి సిఫారసు పంపండి. ఊళ్లో సబ్ ఏజెంటు తీసుకున్న ప్రతి రూపాయికీ పై ఏజెంటే జవాబుదారీ అని అందులో చేర్చండి.