స్వప్నమున మరలివచ్చు ఊరు: జన్మాంతర స్మృతియా, ఈ జన్మ సంస్కారమా?

జాగ్రదవస్థలో ఎన్నడును చూడని ఒక స్థలము ఏండ్ల తరబడి స్వప్నమున మరల మరల కనిపించుట పలువురు సాధకులకు అనుభవమే. అది తమ పూర్వజన్మ గ్రామమని కొందరు నిశ్చయించుకొని, దానిని వెదకుటకు ధనమును, మనశ్శాంతిని వ్యయపరచుచున్నారు. ఈ తొందరపాటు శాస్త్రసమ్మతము కాదు.

పూర్వజన్మ పక్షమునకు ఆధారము లేకపోలేదు. ప్రశ్నోపనిషత్తు నాలుగవ ప్రశ్నమున, మనస్సు చూచినదానిని, చూడనిదానిని కూడ స్వప్నమందు అనుభవించునని పిప్పలాద మహర్షి చెప్పెను. చూడనిది అనగా జన్మాంతరమున చూచినదని శంకరభగవత్పాదులు వ్యాఖ్యానించిరి. అయినను దృష్టకారణము లభించుచుండగా అదృష్టమును కల్పింపరాదనునది మీమాంసా న్యాయము. కావున మొదట వెదకవలసినది ఈ జన్మమునే.

ఒక ఉదాహరణమును కల్పించుకొని విచారింతము. పరిటాలలో బాల్యము గడిపి, విజయవాడలో స్థిరపడిన గృహస్థు ఒకడు కలడు. 1990 ప్రాంతము నుండి అతనికి ఒకే స్థలము కలలోనికి వచ్చుచున్నది. లోతైన గుంతలో కదలని పచ్చని నీరు. గట్టున ఆకాశమునంటు ఆంజనేయుడు. ఆ వెనుక తడిసిన రాతిమెట్లు. మెట్ల చివర తల వంచి దూరవలసిన చిన్న ద్వారము. ఇట్టి స్థలము భూమిపై ఎచ్చటను లేదు. కాని దాని భాగములన్నియు ఉన్నవి. గుంత, చిన్నతనమున తల్లి పోవద్దని భయపెట్టిన పాత క్వారీ. మెట్లు, ఇంద్రకీలాద్రిపై తెల్లవారుజామున ఎక్కినవి. ద్వారము, అమ్మమ్మగారింటి కొట్టుగదిది. మెలకువలో క్వారీకిని ఇంద్రకీలాద్రికిని నడుమ సుమారు ముప్పది కిలోమీటర్ల బాట ఉన్నది. స్వప్నమున ఒక్క అడుగు. మనస్సు స్థలములను దూరమును బట్టి గాక భావమును బట్టి జతపరచును. భయము, భక్తి, చీకటి గదిలోని కుతూహలము, ఈ మూడును "లోనికి పోవచ్చునా?" అను ఒక్క ప్రశ్నము చుట్టును తిరుగుచున్నవి. కనుకనే ఆ మూడు చోట్లును ఒక్క ఊరైనవి.

వైశేషికాచార్యులైన ప్రశస్తపాదులు స్వప్నమునకు మూడు కారణములు చెప్పిరి: సంస్కారపాటవము, ధాతుదోషము, అదృష్టము. తీవ్రభావముతో ముద్రపడినది మరల లేచుట మొదటిది. కఫము ప్రబలినపుడు నదీ సముద్రములు కనిపించుట రెండవదానికి ఉదాహరణము. ఈ రెండింటిని పరిశీలింపక మూడవదానికి పోవుట న్యాయము కాదు.

ఇక అతిముఖ్యమైన విషయము. ఆ గృహస్థు, "ఆంజనేయుడు మొదటి కల నుండియు అచ్చటనే ఉన్నాడు" అని దృఢముగా చెప్పును. కాని పరిటాలలో నూటముప్పదియైదు అడుగుల ఆంజనేయ విగ్రహము 2003లో వెలసినది. జాతీయరహదారిపై దానిని చూచిన పిదపనే ఆ మహాకారము అతని కలలో చేరియుండుట సంభావ్యము. అతడు అబద్ధమాడుట లేదు. మేలుకొని స్మరించునపుడు మనస్సు నేటి చిత్రమును నిన్నటి చిత్రముపై మోపి, రెండును ఒకటే అనుచున్నది. "ఇది ఆ స్థలమే" అను ప్రత్యభిజ్ఞ కూడ స్వప్నములోనే పుట్టవచ్చును; మొదటిసారి చూచినదియు చిరపరిచితమువలె తోచవచ్చును. కావున "ఏండ్ల తరబడి ఒకే ఊరు" అను మాట ప్రమాణము కాదు, పరీక్షింపవలసిన ప్రతిజ్ఞ.

పరీక్ష సులభము. మేలుకొనగానే, ఎవరితోను చెప్పకముందే, తేదీ వ్రాసి ఆ స్థలపు పటమును గీయవలెను. తూర్పు ఎటు, నీరు ఎటు, తాను ఎటునుండి వచ్చినది గుర్తింపవలెను. పాత పటములను చూడకుండ కొన్ని మాసములు ఇట్లు చేసి, పిమ్మట అన్నియు పోల్చవలెను. సాధారణముగా ఒకటి రెండు భాగములు నిలిచియుండును, తక్కినవి మారుచుండును. నిలిచిన భాగమును గూర్చి ఇంటి పెద్దలనడిగిన, శైశవమున నివసించి మరచిపోయిన ఇల్లు బయటపడవచ్చును. ఏ మూలమును దొరకని భాగము మిగిలిన, దానిని మిగిలినట్లే ఉంచవలెను. మూలము దొరకకపోవుట జన్మాంతరమునకు నిదర్శనము కాదు.

బ్రహ్మసూత్ర సంధ్యాధికరణ భాష్యమున ఆచార్యులు, కురుదేశమున నిద్రించినవాడు స్వప్నమున పాంచాలమునకు పోయి, మరల కురుదేశముననే మేలుకొనునని చూపిరి. పోయినది దేహము కాదు. అచ్చట దేశమును లేదు. అట్టి ఊరికి బస్సులో పోయి వెదకుట వ్యర్థము. ఆ మెట్లను, ఆ నీటిని, ఆ ద్వారమును చూచుచున్నవాడెవడు? ఈ ప్రశ్నము మాత్రము వ్యర్థము కాదు. పటములన్నియు మారినను మారనివాడు అతడొక్కడే.