‘మెయింటెనెన్స్’ అంటే ఏందని అడిగితే తప్పా?



నేను నెల్లూరులో ఎస్టీ హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాను. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు. అందుకని ఇంటికి ఏ కాగితం వచ్చినా మా వాళ్ళు ఫోటో తీసి నాకే పంపుతారు. బ్యాంకు కాగితమైనా, కరెంటు బిల్లైనా చదివి చెప్పేది నేనే. జూన్ ఆఖర్లో మా అక్క పంపింది ఇంటి బాడుగ అగ్రిమెంటు. ఆ కాగితం గురించి, దాని మీద మేము ఓనరుగారికి రాసిన ఉత్తరం గురించి చెప్పాలని ఈ పోస్టు రాస్తున్నా. కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

అక్కా బావా కాలనీ వదిలి ముత్తుకూరు వైపు ఒక మిద్దెలో చిన్న పోర్షన్ తీసుకున్నారు. బావకు పని అక్కడికి దగ్గర. మొత్తం ఆరు పోర్షన్లు, బాడుగ నెలకు 4,500. ఫిబ్రవరి నుంచి డిసెంబరు దాకా పదకొండు నెలల అగ్రిమెంటు. బాడుగ కాకుండా మెయింటెనెన్స్ అని 300 అడిగితే ఐదు నెలలు మారు మాట్లాడకుండా కట్టారు. జూన్ ఆఖర్లో ఓనరుగారు వచ్చి, “జూలై నుంచి మెయింటెనెన్స్ 600. అగ్రిమెంటులో ఉండాది చూసుకోండి” అని చెప్పి పొయినారు.

చూసినాను. ఇంగ్లీషులో ఏడో షరతు, ఒకటే లైను. తెలుగులో చెప్తే ఇంతే: “అద్దెకు ఉన్నవారు వర్తించే మెయింటెనెన్స్ ఛార్జీలను ఎప్పటికప్పుడు చెల్లించవలెను.” అంకె లేదు. దేనికో లేదు. నాలుగుసార్లు చదివినా నాకూ అర్థం కాలేదు. మొదట సిగ్గుపడ్డాను, నా ఇంగ్లీషు సరిపోలేదేమో అని. తర్వాత తెలిసింది, లోపం నా చదువులో లేదు, ఆ లైనులోనే ఉందని.

ఆ లైనులో మూడు మాటలు పట్టుకోండి. ‘మెయింటెనెన్స్’ అంటే ఊడ్చే ఆమె జీతమా, నీళ్ళ మోటారు కరెంటా, మోటారు కాలిపోతే చుట్టించే ఖర్చా? ‘వర్తించే’ అంటే ఎవరు వర్తింపజేస్తారు, ఏ లెక్కన? ‘ఎప్పటికప్పుడు’ అంటే నెలనెలా కట్టమనా, లేక రేటు ఎప్పటికప్పుడు మారుతుందనా? ఒక్కో మాటకు రెండేసి అర్థాలు. అందులో తనకు పనికొచ్చే అర్థాన్ని ఓనరుగారు తీసుకున్నారు. మనకు ఏ అర్థం కావాలో అడిగే అలవాటు మనకు లేదు.

బావ అన్నాడు, “మూడొందలే కదా అబ్బయా, ఇచ్చి పారేద్దాం. ఈ ఇల్లు దొరకడానికి ఎంత తిరిగామో నీకు తెలీదా?” ఆ మాట తీసిపారేసేది కాదు. ఇంటి కోసం తిరిగినప్పుడు నాలుగు చోట్ల “మీరేమట్లు?” అని అడిగి, చెప్పగానే “ఇల్లు వేరేవాళ్ళకు మాటిచ్చాం” అన్నారు. ఇల్లు పోతుందన్న భయం మనోళ్ళకు ఊరికే రాలేదు. కానీ ఇప్పుడు 600 కడితే ఆ లైనుకు ఓనరు చెప్పిందే అర్థమని మనమే ఒప్పుకున్నట్టు. రేపు 900 అంటే ఏ నోటితో అడుగుతాం? రొయ్యల గుంటల కాడ అడ్వాన్సు తీసుకుని చదవని కాగితం మీద వేలిముద్ర వేసిన మా తాతకు ఎంత బాకీ ఉందో చివరిదాకా తెలియలేదు. అంకె లేని కాగితం ఎట్లా పనిచేస్తుందో మా ఇంట్లో అందరికీ తెలుసు.

అందుకని గొడవ పడకుండా, ఊరికే ఉండకుండా, వివరణ అడుగుతూ ఒక ఉత్తరం రాద్దామన్నాను. అక్క ఒప్పుకుంది. ఇదీ ఉత్తరం:

“ఇంటి యజమానిగారికి నమస్కారం.

మీ ఇంటి పై అంతస్తు రెండో పోర్షన్లో ఫిబ్రవరి 1 నుంచి బాడుగకు ఉంటున్నాము. ఇప్పటిదాకా నెలకు 4,500 బాడుగ, 300 మెయింటెనెన్స్ కడుతూ వచ్చాము. జూలై నుంచి మెయింటెనెన్స్ 600 అని చెప్పారు. అగ్రిమెంటు ఏడో షరతులో మొత్తం ఎంతో, దేనికో రాసి లేదు. దయచేసి ఈ నాలుగు విషయాలు రాతపూర్వకంగా తెలపగలరు.

1. ఈ ఛార్జీలో ఏయే ఖర్చులు ఉన్నాయి?
2. మొత్తం ఖర్చు ఎంత, ఆరు పోర్షన్లకు ఎట్లా పంచారు?
3. మోటారు, పైపులు, గోడల రిపేర్లు ఇందులో కలిసి ఉన్నాయా?
4. ఇకముందు మార్చవలసి వస్తే ఎన్ని రోజుల ముందు తెలియజేస్తారు?

జూలై బాడుగ 4,500, మెయింటెనెన్స్ 300 ఈరోజు మీకు పంపాము. మిగతా 300 గురించి మీ వివరణ అందిన వారం లోపల మాట్లాడుకుని తేల్చుకుందాము.

ఇట్లు, మీ రెండో పోర్షన్ వాళ్ళు.”

ఇందులో ‘కట్టము’ అనే మాట లేదు. అది కావాలనే రాయలేదు. బాడుగ ఆపేస్తే తప్పు మన మీదికి వస్తుంది, ఖాళీ చేయించడానికి కారణం మనమే చేతికిచ్చినట్టు. అందుకే బాడుగ, ఎప్పుడూ కట్టే 300 ఆరోజే ఫోనులో పంపి, ఆ సంగతి ఉత్తరంలోనే రాశాం. తేలనిది ఆ పైన 300 మాత్రమే. రెండు కాపీలు రాసి, ఒకటి ఓనరుగారికిచ్చి, రెండో దాని మీద ‘అందింది’ అని సంతకం, తేదీ అడిగాం. సంతకం పెట్టడానికి ఆయన ఇష్టపడలేదు. అక్కడే బావ ఉత్తరం ఫోటో తీసి ఆయన వాట్సాప్‌కు పంపాడు. నీలం టిక్కులు పడ్డాయి. అది కూడా చూపించుకోను పనికొచ్చేదే.

చట్టం సెక్షన్లు కూడా ఉత్తరంలో రాయలేదు. మొదటి ఉత్తరంలోనే సెక్షన్లు పెడితే అడిగినట్టు ఉండదు, బెదిరించినట్టు ఉంటుంది. కానీ మనకు తెలిసి ఉండాలి. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 29వ సెక్షను ప్రకారం, అర్థం తేలనిది, తేల్చడానికి కూడా వీలులేని ఒప్పందం చెల్లదు. దీన్ని పట్టుకుని “అయితే అసలు మెయింటెనెన్సే కట్టం” అనబోకండి. తేల్చడానికి వీలుంటే అది చెల్లుతుంది, ఐదు నెలలు మనమే 300 కట్టి ఉన్నాం. ఈ సెక్షను చెప్పేది ఒకటే, అంకె తేలకుండా కట్టమంటే అడగడం న్యాయమే అని.

తొమ్మిది రోజులకు ఓనరుగారు లెక్క చెప్పారు. రాసివ్వలేదు, అక్క నోట్‌బుక్కులో రాసుకుంది. ఊడ్చే ఆమెకు నెలకు 1,200. మోటారు కరెంటు సుమారు 300. సెప్టిక్ ట్యాంకు ఏడాదికొకసారి తోడించడానికి 6,000, అంటే నెలకు 500. మొత్తం 2,000. ఆరు పోర్షన్లకు పంచితే ఒక్కొక్కరికి 333. నేను కరెంటు లెక్క కూడా సరిచూశాను. ఒక హార్స్ పవర్ మోటారు గంటకు ముప్పావు యూనిట్ తింటుంది, రోజుకు రెండు గంటలంటే నెలకు 45 యూనిట్లు. యూనిట్‌కు ఆరు రూపాయలు వేసుకున్నా 270. ఆయన అబద్ధం చెప్పలేదు.

మరి 600 ఎందుకు? ఆరు పోర్షన్లకు 3,600 అవుతుంది కదా, 1,600 ఎక్కువ. అప్పుడు అసలు సంగతి బయటికొచ్చింది. మేలో మోటారు కాలిపోయింది. కాయిల్ చుట్టించి, తుప్పు పట్టిన పైపులు మార్చడానికి 9,600 అయింది. దాన్ని జూలై నుంచి డిసెంబరు దాకా ఆరు నెలలకు పంచేశారు, నెలకు 1,600. అంటే మెయింటెనెన్స్ అనే మాట కింద ఇంటి రిపేరు ఖర్చు మొత్తం బాడుగవాళ్ళ మీద పడింది.

మన సముద్రం పక్క ఊళ్ళలో ఈ మాట ఇంకా ముఖ్యం. బోరు నీళ్ళు ఉప్పు, గాలి ఉప్పు. మోటారు, పైపు, గేటు, కిటికీ ఊచలు లోపలి ఊళ్ళకంటే తొందరగా తుప్పు పడతాయి. ఆ తుప్పు మనం వాడటం వల్ల వచ్చింది కాదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షను కూడా, బాడుగవాళ్ళు ఇల్లు తీసుకున్నప్పుడు ఎట్లా ఉందో అట్లా తిరిగి అప్పజెప్పాలంటూనే మామూలు అరుగుదలను మినహాయించింది. 2021లో కేంద్రం ఆమోదించిన మాదిరి అద్దె చట్టం చివర ఒక పట్టిక ఉంది. వేరేగా ఒప్పుకోకపోతే గోడల రిపేరు, సున్నం, పైపులు మార్చడం, వైరింగు ఓనరువి. కుళాయి వాషరు, స్విచ్చి, గడియ, కాలువ శుభ్రం బాడుగవాళ్ళవి. అది మాదిరి మాత్రమే, రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటేనే అమలవుతుంది. కానీ ఎవరిది ఏదో మాట్లాడుకోవడానికి మంచి కొలబద్ద.

అక్క ఆ మాటే మామూలుగా అడిగింది. “మేము డిసెంబరులో పొయినా మోటారు మీ ఇంట్లోనే ఉంటుంది కదా సార్?” ఆయన కాసేపు మాట్లాడలేదు. చివరికి 350కి ఒప్పుకున్నారు. అగ్రిమెంటు వెనక పేజీలో “మెయింటెనెన్స్ నెలకు 350. ఊడ్చడం, మోటారు కరెంటు, సెప్టిక్ ట్యాంకు ఇందులోనే. మోటారు, పైపుల రిపేరు యజమానిది. డిసెంబరు దాకా మార్పు లేదు” అని రాసి ఇద్దరూ సంతకాలు పెట్టారు. మిగతా ఐదు పోర్షన్లకూ అదే లెక్క అయింది.

అంతా బాగైపోయిందని చెప్పను. ఓనరుగారు ముందు మాదిరి పలకరించడం లేదని అక్క అంటుంది. డిసెంబరు తర్వాత అగ్రిమెంటు మళ్ళీ రాయకపోవచ్చు కూడా. ఆ రాతకు డిసెంబరు దాకానే ప్రాణం. అయినా 250 మిగలడం కంటే, ఆ కాగితంలో తను దేనికి డబ్బు కడుతుందో అక్క చదవకపోయినా చెప్పగలగడం నాకు పెద్దదిగా కనిపించింది.

మీరు గానీ, మీ వాళ్ళు గానీ బాడుగకు దిగేటప్పుడు సంతకానికి ముందే ఆ లైను చూడండి. అంకె, దేనికి, ఎప్పుడు మారుతుంది, ఈ మూడూ ఖాళీగా ఉంటే అప్పుడే పెన్నుతో రాయించండి. దిగిన తర్వాత అయితే పైన ఉన్న ఉత్తరం వాడుకోండి, అంకెలు మార్చుకుంటే చాలు. మాట తేలకపోతే నెల్లూరు కోర్టు దగ్గర జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది. 1987 చట్టం ప్రకారం ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా వకీలు ఉచితం. ఫోను నంబరు 15100.

బావ ఇప్పటికీ అంటుంటాడు, “మనకెందుకురా ఇవన్నీ” అని. కానీ పోయిన నెల 350 పంపి, “మోటారు కరెంటు, ఊడ్చేదానికి, ట్యాంకుకు” అని మెసేజిలో తనే రాశాడు.