అమ్మమ్మ మొహానికి అసలు రంగు



ఈ నెల ఒక అమ్మాయి ఇలా రాసింది: "మా అక్క పెళ్ళిలో ఎర్రా పసుపూ చారల షామియానా కింద ఫోటోలు తీశాం. అన్నిటిలోనూ మా అమ్మమ్మ మొహం ఇటుకపొడి పూసినట్టుంది. నిజానికి ఆవిడది చామనచాయ. కంటి తెల్లగుడ్డును తెలుపుగా చూపించి ఫోటో సరిచెయ్యమని మా మామయ్య చెప్పాడు. అలాగే చేశాను. ఇటుక రంగు పోయింది గాని, మొహం కొంచెం నీలివారింది. ఎందుకని?"

ముందు షామియానా చేసిన పని చూద్దాం. ఎండలో అన్ని రంగులూ ఉన్నాయి. ఆ గుడ్డ ఎరుపునూ పసుపునూ లోపలికి వదిలి, నీలాన్ని చాలావరకు ఆపేస్తుంది. కనక అమ్మమ్మ మీద పడిన వెలుతురే నారింజ రంగుది. ఆవిడ చెంప తన మీద పడిన దానిలో కొంత తిప్పి పంపుతుంది. కెమేరాకు చేరేది వెలుతురు రంగూ, చెంప రంగూ కలిసిన రంగు. అందులో వెలుతురు వాటా ఎంత, చెంప వాటా ఎంత అన్నది కెమేరాకు తెలియదు.

మరి పందిట్లో కూచున్న వాళ్ళకు అమ్మమ్మ ఇటుక రంగులో కనిపించలేదే? ఏమంటే, మన కళ్ళు కాసేపట్లోనే ఆ వెలుతురుకు అలవాటుపడి, దాని రంగును లెక్కలోంచి తీసివేస్తాయి. ఇంటికొచ్చి మామూలు వెలుతురులో ఫోటో చూసినప్పుడు ఆ తీసివేత ఉండదు. అప్పుడు ఇటుక రంగు బయటపడుతుంది. కెమేరా కూడా తనంతట తాను కొంత తీసివేత చేస్తుంది గాని, అది ఊహ మాత్రమే. బొమ్మంతా నారింజగా ఉంటే, వెలుతురు నారింజదా, లేక అక్కడి వస్తువులే నారింజవా అన్నది దానికెలా తెలుస్తుంది?

అందుకని దానికొక సాక్షిని చూపించాలి. ఆ సాక్షే బూడిద రంగు అట్ట. కెమేరా దుకాణాలలో దీన్ని గ్రే కార్డు అంటారు. మామూలుగా వాడే అట్ట తన మీద పడిన వెలుతురులో నూటికి 18 వంతులు తిప్పి పంపుతుంది. మనకు కావలసిన గుణం మరొకటి: ఎరుపు, ఆకుపచ్చ, నీలం, ఈ మూడింటినీ అది ఒకే పాలున తిప్పి పంపుతుంది. దానికంటూ సొంత రంగు లేదు. కనక ఫోటోలో దాని మీద ఏ రంగు కనిపించినా, అది వెలుతురుదే.

తెల్ల కాగితం చాలదా అని మీరడగవచ్చు. కాగితం మరీ తెల్లగా కనిపించాలని అందులో మెరుగు మందులు కలుపుతారు. ఎండ తగిలితే అవి నీలికాంతి చిమ్ముతాయి. తాతయ్య తెల్లపంచె కూడా పనికిరాదు. దానికి నీలిమందు పెట్టి ఉంటారు గదా! నీలం కలిసిన తెలుపును సాక్షిగా నమ్మితే, కెమేరా బొమ్మంతటిలోంచీ నీలాన్ని తగ్గిస్తుంది. అప్పుడు మొహాలు పచ్చబడతాయి. ఇంటి ప్రింటరు మీద అచ్చువేసిన బూడిద రంగులో కూడా ఏదో ఒక ఛాయ కలిసే అవకాశం ఉంది.

అట్టను పట్టుకునే పద్ధతి ఒకటుంది. దాన్ని మొహం పక్కనే, మొహం మీద పడే వెలుతురే దాని మీద కూడా పడేలా పట్టుకోవాలి. జిగేలుమని మెరవకుండా కొంచెం వంచాలి. ఎర్రచీర కొంగు దగ్గరగా ఉంటే ఆ ఎరుపు అట్ట మీదికి కొట్టుకొస్తుంది, జాగ్రత్త. అలా ఒక ఫోటో తీసుకుని, అట్ట తీసేసి, మిగతావన్నీ అదే వెలుతురులో తీసుకోవాలి. తరవాత ఫోటోలు సరిచేసే యాప్‌లో White Balance అన్నచోట చుక్కలమందు గొట్టం బొమ్మ ఉంటే, దాన్ని ఎంచుకుని అట్ట మీద పెట్టాలి. ఆ ఫోటోకు కుదిరిన సవరణే మిగతావాటికీ సరిపోతుంది.

అలా పెట్టినప్పుడు లోపల జరిగేది చిన్న లెక్క. ఫోటోలో ప్రతి చుక్కకూ మూడు అంకెలుంటాయి: ఎరుపు ఎంత, ఆకుపచ్చ ఎంత, నీలం ఎంత అని. ఒక్కొక్కటి 0 నుంచి 255 దాకా ఉండవచ్చు. మన పందిట్లో ఎవరో అట్ట పట్టుకున్నారనుకుందాం. ఫోటోలో ఆ అట్ట అంకెలు ఎరుపు 160, ఆకుపచ్చ 120, నీలం 80 అని వచ్చాయనుకోండి. అట్టకు రంగు లేదు గనక మూడూ సమానం కావాలి. ఆకుపచ్చను 120 దగ్గరే ఉంచుదాం. ఎరుపును ముప్పాతికతో హెచ్చిస్తే 120 అవుతుంది. నీలాన్ని ఒకటిన్నరతో హెచ్చిస్తే అదీ 120 అవుతుంది.

ఇక అదే గుణకారం అమ్మమ్మ చెంపకు చెయ్యండి. ఫోటోలో చెంప అంకెలు 200, 116, 60. ఎరుపు ముప్పాతిక చేస్తే 150. ఆకుపచ్చ 116 అలాగే ఉంటుంది. నీలం ఒకటిన్నర రెట్లు 90. అంటే 150, 116, 90. ఇదీ చామనచాయ! ఇక్కడ ఒక సంగతి గమనించండి. అమ్మమ్మను మనం తెల్లగా చెయ్యలేదు. వెలుతురు అంటించిన రంగును తుడిచాం, అంతే. నల్లని మొహాన్ని తెల్లబరిస్తే, అది సరిచెయ్యటం కాదు.

కాని, పెళ్ళిలో అట్ట పట్టుకునేందుకు ఎవరికి తీరిక? అట్ట లేనప్పుడు మొహంలోనే సాక్షిని వెతుక్కోవాలి. చర్మం పనికిరాదు, మనిషికొక రంగు. కంటి తెల్లగుడ్డు మాత్రం అందరికీ ఇంచుమించు తెల్లగానే ఉంటుంది. పైగా చెంప మీద పడిన వెలుతురే దాని మీదా పడుతుంది. కనక మామయ్య చెప్పింది మంచి ఉపాయమే. కాని అందులో ఆ "ఇంచుమించు" అన్న మాట ఉంది, చూశారా? తిరకాసంతా అక్కడే.

తెల్లగుడ్డు అచ్చంగా తెల్లనిది కాదు. దాని మీద సన్నని నెత్తుటి నరాలుంటాయి. పసిపిల్లలకు అది పలచగా ఉండి కాస్త నీలిఛాయ కొడుతుంది. పెద్దతనంలో కొంచెం పచ్చబడుతుంది. మన అమ్మమ్మ ఫోటోలో తెల్లగుడ్డు అంకెలు 200, 144, 80 అనుకుందాం. మూడూ 144 కావాలంటే ఎరుపును 0.72తోనూ, నీలాన్ని 1.8తోనూ హెచ్చించాలి. అప్పుడు చెంప అంకెలు 144, 116, 108 అవుతాయి. ఇందాక అట్టతో వచ్చిన నీలం 90. ఇప్పుడు వచ్చింది 108. అమ్మమ్మ కంట్లో నిజంగానే ఉన్న కాస్త పసుపును కూడా ఆ యాప్ వెలుతురు తప్పే అనుకుని, దాన్ని చంపటానికి బొమ్మంతా నీలం కలిపింది. మొహం నీలివారటానికి కారణం ఇదే.

మరేం చెయ్యాలి? ముందు ఫోటోను బాగా పెద్దది చెయ్యండి. ముక్కు వైపు కంటికొనలో గులాబిరంగు కండ ఉంటుంది, దాన్ని వదిలెయ్యండి. పైరెప్ప నీడ పడిన చోటూ, నరం కనిపించే చోటూ వద్దు. కంట్లో మెరిసే తెల్లచుక్క అసలే వద్దు. అక్కడ మూడు అంకెలూ 255 దాకా పోయి, అది దొంగసాక్ష్యం చెబుతుంది. నల్లగుడ్డుకూ చెవి వైపు కొనకూ మధ్యనున్న భాగం మేలు. ఒక్కరి కన్నుతో సరిపెట్టుకోక, అదే వెలుతురులో ఉన్న ఇద్దరు ముగ్గురు పడుచువాళ్ళ కళ్ళు కూడా చూసి, వాటికి మధ్యస్థంగా సవరించండి. ఆఖరున అమ్మమ్మ తెల్లగుడ్డు రవంత పసుపుగా మిగిలితే మిగలనివ్వండి. అది ఆవిడదే.

సవరణ కుదిరిందో లేదో చెంపను చూసి పోల్చుకోవచ్చు. మామూలు వెలుతురులో మనుషుల చర్మానికి, నలుపైనా తెలుపైనా, సాధారణంగా ఎరుపు అంకె అన్నిటికన్నా ఎక్కువ, ఆకుపచ్చ దానికన్నా తక్కువ, నీలం ఇంకా తక్కువ ఉంటాయి. నీలం వెళ్ళి ఆకుపచ్చను తాకబోతున్నదంటే సాక్షి తప్పు చెప్పిందని అనుమానించండి. ఒక చెంప మీద షామియానా వెలుతురూ, రెండో చెంప మీద ట్యూబులైటు వెలుతురూ పడితే మాత్రం, ఏ ఒక్క సాక్షీ రెండు చెంపలకూ న్యాయం చెయ్యలేదు. మళ్ళీ ఫోటో తీసేటప్పుడు మనిషిని ఒకే వెలుతురులోకి జరపటమే మార్గం.

పెళ్ళి ఫోటోలో పొరపాటొస్తే నవ్వుకుని ఊరుకోవచ్చు. కాని ఈ రోజుల్లో ఒంట్లో బాగులేని పిల్లవాడి ఫోటో తీసి ఫోనులో డాక్టరుకు పంపేవారున్నారు. కామెర్ల జబ్బులో బిలిరుబిన్ అనే పసుపు పదార్థం నెత్తురులో పెరిగి, తెల్లగుడ్డు పచ్చబడుతుంది. పచ్చకామెర్ల వాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందని సామెత. ఫోటోలో ఇది తలకిందులవుతుంది: పచ్చబడ్డ కంటిని తెలుపని నమ్మి సవరిస్తే, కన్ను తెల్లబడి లోకమంతా నీలివారుతుంది. డాక్టరు చూడవలసిన పసుపు కాస్తా మాయమవుతుంది! కొలవవలసిన గుడ్డనే గజంబద్ద చేసుకున్నట్టు.

అమెరికాలో వాషింగ్టన్ విశ్వవిద్యాలయం వారు 2017లో, ఫోను కెమేరాతో తెల్లగుడ్డు పసుపును కొలిచే బిలిస్క్రీన్ అనే పద్ధతిని ప్రకటించారు. వారు కంటిని సాక్షిగా పెట్టుకోలేదు. బయటి వెలుతురు రాకుండా కళ్ళకు ఒక పెట్టె ఆనించి ఒక విధంగానూ, రంగురంగుల గళ్ళు అచ్చువేసిన కాగితపు కళ్ళజోడు పెట్టి మరొక విధంగానూ చేసి చూశారు. ఆ గళ్ళ రంగులు ముందే తెలుసు గనక అవే సాక్షులు. కాబట్టి ఎవరికైనా కళ్ళు పచ్చగా కనిపిస్తే, ఫోటో సవరించి నిజం తేల్చాలని చూడకండి. ఆసుపత్రికి తీసుకుపోవాలి, నెత్తురు పరీక్షే అసలు జవాబు చెబుతుంది.

ఇక మీకొక లెక్క. పెళ్ళయిన మర్నాడు అమ్మమ్మను ఇంటి వెనక నీడపట్టున, నీలాకాశపు వెలుతురులో కూచోబెట్టి ఫోటో తీశారు. అట్ట అంకెలు: ఎరుపు 100, ఆకుపచ్చ 120, నీలం 150. చెంప అంకెలు: ఎరుపు 125, ఆకుపచ్చ 116, నీలం 112. ఆకుపచ్చను కదపకుండా అట్ట అంకెలు మూడూ సమానం చేసి, చెంప అంకెలు కట్టండి. వచ్చిన జవాబును, పందిట్లో అట్టతో వచ్చిన జవాబు పక్కన రాసి చూడండి.