ఆమె డబ్బాలోని దారం



పెళ్ళిరోజుకు భార్యకు ఏమి కొనాలో తెలియడం లేదని మన సంఘంలోని యౌవనస్థుడొకడు మొన్న మమ్మల్ని అడిగాడు. ఆమెకు కుట్లు, అల్లికలంటే ప్రాణమట, అతనికి వాటిలో ఓనమాలు రావట. అదే తప్పు చేసినవారము గనుక మా సంగతే చెప్పాము. ఇక్కడ కూడా చెబుతున్నాము.

మా ఇంటి అమ్మగారిది నర్సాపురం ప్రాంతం. ఆ ప్రాంతపు స్త్రీలకు లేసు అల్లడం నేర్పింది 1844లో స్కాట్లాండు నుండి వచ్చిన మెక్రే మిషనరీ దంపతులని చెబుతారు. మా అత్తగారు అల్లేవారు, ఆమెను చూసి ఈమె నేర్చుకుంది. మాకు మాత్రం అది సాయంకాలం ఆమె చేతిలో కదిలే తెల్లదారం, అంతే.

ఒక పెళ్ళిరోజుకు పట్నం వెళ్ళి, రంగురంగుల పిడులున్న లేసు సూదుల సెట్టు, దానితో పాటు మెత్తని ఊలు ఉండలు కొని తెచ్చాము. ఆమె నవ్వి, "బాగున్నాయండీ" అని బీరువాలో పెట్టింది. ఏడాది తర్వాత కూడా అవి అక్కడే ఉన్నాయి. మొదట మాకు కోపం వచ్చింది, దాచుకోవడమెందుకు. తర్వాత సంఘంలో లేసు అల్లే ఒక పెద్దమ్మగారిని అడిగితే ఆమె ఫక్కున నవ్వారు. "అయ్యగారూ, ఆ సూదులు స్వెట్టర్లకండీ. వాటితో అమ్మగారి దారం అల్లితే వలలాగా వస్తుంది."

విషయమేమంటే, సన్నని నూలుదారానికి నంబర్లుంటాయి. 10, 20, 40 అని నంబరు పెరిగే కొద్దీ దారం సన్నబడుతుంది. మేము పెద్ద నంబరంటే లావు దారమనుకున్నాము! 20వ నంబరు దారానికి సుమారు ఒకటి, ఒకటింపావు మిల్లీమీటర్ల ఉక్కు సూది కావాలి. మేము తెచ్చిన వాటిలో అన్నిటికంటే సన్నదే రెండు మిల్లీమీటర్లు. సూదుల మీద ఉండే ఉత్త నంబర్లు దేశాన్నిబట్టి మారతాయి కాబట్టి మిల్లీమీటర్లే చూసుకోవాలట.

అసలు సూది కొనడమే పొరపాటని మా అభిప్రాయం. ఏళ్ళ తరబడి వాడిన సూది ఆ చేతికి అలవాటై ఉంటుంది, దారాన్ని ఎంత బిగువుగా లాగాలో ఆ వేళ్ళకు తెలుసు. గుండ్రని గుడ్డను సగం ఒక సూదితో అల్లి, మిగతాది కాస్త లావు సూదితో పూర్తిచేస్తే కుట్లు పెద్దవై అంచు అలలు అలలుగా లేస్తుంది. సన్నసూదితో అల్లితే గిన్నెలాగా ముడుచుకుంటుంది. భర్త తెచ్చాడు కదా అని వాడితే పని పాడవుతుంది, వాడకపోతే ఆయన చిన్నబుచ్చుకుంటాడు. ఆ ఇబ్బందిలోకి ఆమెను నెట్టింది మేమే.

మనకు తెలియని పనిలో పనిముట్టు జోలికి పోకుండా, అయిపోయేదేదో చూసి కొనడం మేలు. మరుసటి సంవత్సరం మేము అలాగే చేశాము. అప్పుడామె బల్లగుడ్డ ఒకటి అల్లుతోంది. పాత బిస్కెట్ల డబ్బాలో రెండే ఉండలు మిగిలాయి. ఆమె పెరట్లో ఉండగా ఉండ మీది కాగితపు చీటీని ఫోనులో ఫొటో తీశాము (దొంగతనమే, ఒప్పుకుంటున్నాము). కంపెనీ పేరు, 20వ నంబరు, రంగు నంబరు, దాని పక్కన లాట్ నంబరు అన్నీ అందులో ఉన్నాయి.

దుకాణంలో నాలుగు ఉండలు అడిగితే అతను రెండు లాట్లవి కలిపి ఇచ్చాడు. "తెలుపు తెలుపే కదండీ" అన్నాడు. పెద్దమ్మగారు ముందే హెచ్చరించారు కాబట్టి గుమ్మం దగ్గర ఎండ వెలుతురులో పక్కపక్కన పెట్టి చూశాము. ఒకటి కొంచెం నీలి తెలుపు, ఇంకొకటి మీగడ తెలుపు. ట్యూబులైటు కింద అంత తేడా తెలియలేదు. అల్లాక మాత్రం గుడ్డ మధ్యలో చారలాగా కనబడి తీరుతుందట. ఫొటోలోని లాట్ నంబరువి రెండే దొరికాయి, ఆ రెండే కొన్నాము. మిగిలిన డబ్బుతో బల్ల అంచుకు బిగించే చిన్న దీపం తీసుకున్నాము. తెల్లదారం మీద కుట్లు లెక్కపెట్టలేక ఆమె మెడ వంచి కళ్ళు చికిలించడం చాలా ఏళ్ళుగా చూస్తూనే ఉన్నాము గాని, అది వెలుతురు చాలకనని తోచలేదు.

చెప్పకుండా తెచ్చి ఆశ్చర్యపరచాలన్న సరదా మగవాళ్ళం మనకే ఎక్కువ. అందులో ఆమె సంతోషం ఎంత, మన గొప్ప ఎంత అని మాకు అనుమానం. చీటీ అర్థం కాకపోతే నేరుగా ఆమెనే అడగండి, అందులో తప్పేమీ లేదు. ఇంకొక మాట, కానుక ఇస్తూ "ఇవి అమ్మితే ఎంత వస్తుంది?" అని మాత్రం అడగవద్దు. మేము అడిగాము. ఆ వారమంతా ఆమె డబ్బా తెరవలేదు.

ఆ రాత్రి పొట్లం విప్పి, ఆమె దీపం వైపు చూడనే లేదు. ఉండ తిప్పి చీటీ మీద లాట్ నంబరు చదివింది, డబ్బాలోంచి పాత ఉండ తీసి పక్కన పెట్టి చూసింది. "మీకెవరు చెప్పారండీ?" అంది.