నీళ్ళ బటన్ ఎక్కడ అని వెతకొద్దు



2024 మార్చి మనం ఎవరమూ మరిచిపోలేదు. బోర్లు ఎండిపోయి, ట్యాంకర్ కోసం ఫోన్లు చేసి చేసి అలిసిపోయాం. కావేరి నీళ్ళతో కారు కడిగితే, మొక్కలకు పోస్తే 5,000 రూపాయల జరిమానా అని బెంగళూరు జలమండలి ప్రకటించింది. ఆ నెలలో మేమూ కారు కడగడం మానేశాం. కానీ బట్టల మెషీన్ వైపు మాత్రం చూడలేదు. ఫ్రంట్ లోడ్ కొన్నాం కదా, అదే నీళ్ళు పొదుపు చేస్తుందిలే అనుకున్నాం. అది సగమే నిజమని తర్వాత తెలిసింది. ఆ మిగతా సగం గురించే ఈ రాత.

కొత్తగా ఫ్రంట్ లోడ్ కొన్నవాళ్ళు సంఘం కలయికల్లో అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "నీళ్ళు తక్కువ, ఎక్కువ పెట్టే బటన్ ఎక్కడుంది?" పాత టాప్ లోడ్‌కు అది ఉండేది. ఫ్రంట్ లోడ్‌లో చాలావాటికి ఉండదు. లోపల నీటి ఒత్తిడిని బట్టి మట్టం కనిపెట్టే చిన్న సెన్సర్ ఉంటుంది. నీళ్ళు ఒక మట్టానికి రాగానే మెషీన్ లోపలికి వచ్చే నీళ్ళు ఆపేస్తుంది. డ్రమ్ము తిరిగేకొద్దీ నూలు బట్టలు నీళ్ళు పీల్చుకుంటాయి, మట్టం తగ్గుతుంది, అప్పుడు మళ్ళీ కొంచెం తీసుకుంటుంది. మొదటి పది నిమిషాల్లో ఆగి ఆగి నీళ్ళు వచ్చే చప్పుడు అదే. అంటే నీళ్ళ మట్టం పెట్టేది మనమే, కాకపోతే బటన్‌తో కాదు. ఎన్ని బట్టలు వేశాం, ఏ ప్రోగ్రాం తిప్పాం, ఎంత పౌడర్ పోశాం, ఈ మూడింటితో పెడుతున్నాం.

మా అత్తయ్యకు మొదట్లో నమ్మకం కుదరలేదు. అద్దంలోంచి చూస్తే బట్టలు మునిగినట్టే ఉండవు. "ఈ కాసిని నీళ్ళకు మురికి ఎలా పోతుందే?" అని పౌడర్ అరలోంచి ఒక బకెట్ నీళ్ళు పోసేవారు. ఇప్పటికీ చాలా ఇళ్ళలో ఈ పని జరుగుతోందని విన్నాం. ఫ్రంట్ లోడ్‌లో మురికి వదిలేది బట్టలు మునిగి నానడం వల్ల కాదు, డ్రమ్ము పైదాకా ఎత్తి కిందకు పడేయడం వల్ల. చాకిరేవులో బండ మీద బాదడం లాంటిదే అనుకోండి. నీళ్ళు ఎక్కువైతే బట్టలు వాటిలో తేలుతాయి, పడే దెబ్బ మెత్తబడుతుంది. నీళ్ళూ పోయాయి, ఉతుకూ తగ్గింది.

ఇక మా లెక్క చెబుతాం. మాది 7 కిలోల మెషీన్. నలుగురం. రోజూ పొద్దున్నే రెండు కిలోల బట్టలు వేసి, అరగంట క్విక్ ప్రోగ్రాం తిప్పేవాళ్ళం. టైం తక్కువ కాబట్టి నీళ్ళూ తక్కువే అని మా నమ్మకం. ఒక ఆదివారం మురికినీళ్ళ పైపును మోరీలోంచి తీసి, ఎత్తుగా ఉన్న పెద్ద ప్లాస్టిక్ డ్రమ్ము అంచుకు కట్టాం. పైపు మూతి నేల మీదకు దించకూడదు, దించితే మెషీన్‌లో నీళ్ళు నిలవకుండా జారిపోతాయి. డ్రమ్ము నిండకముందే బకెట్‌తో కొలుస్తూ తోడాం. క్విక్‌కు 38 లీటర్లు వచ్చాయి. మరో రోజు 5 కిలోలు వేసి మామూలు కాటన్ ప్రోగ్రాం తిప్పితే 60 లీటర్లు వచ్చాయి.

38 కంటే 60 ఎక్కువే కదా అంటారు. కిలోకు లెక్క వేయండి: క్విక్‌లో 19 లీటర్లు, కాటన్‌లో 12. బట్టలు సగానికి తగ్గినా నీళ్ళు సగానికి తగ్గవు, ఎందుకంటే జాడించేటప్పుడు డ్రమ్ము అడుగు నిండడానికే కొన్ని నీళ్ళు కావాలి.

అసలు నష్టం అంతకంటే పెద్దది. ఏడు కిలోలకు పోసే స్కూప్ పౌడరే రెండు కిలోలకూ పోసేవాళ్ళం. నురుగు పోక, బట్టలు జిడ్డుగా ఉండి, తీసి మళ్ళీ చేత్తో మూడు బకెట్లలో జాడించేవాళ్ళం. 15 లీటర్ల బకెట్ మూడుసార్లంటే 45 లీటర్లు. రోజుకు 83, వారానికి 581. ఇప్పుడు వారానికి మూడుసార్లు నిండుగా వేస్తున్నాం, 180తో సరిపోతోంది. వారానికి 400 లీటర్లు మిగిలితే ఏడాదికి 20,000 దాటుతుంది. 6,000 లీటర్ల ట్యాంకర్లు మూడున్నర దాకా ఒక్క ఇంటి మోరీలోకి వదిలేశామన్నమాట!

అందుకే మా మాట ఇది. క్విక్‌ను పొదుపు ప్రోగ్రాం అనుకోవడం మానాలి. అది ఒకసారి కట్టి విప్పిన, చెమట పట్టిన కాసిని బట్టలకే. రోజువారీ నూలు బట్టలకు కాటన్ గానీ, ఎకో అని ఉంటే అది గానీ వాడండి. ఎకో మూడు గంటలు తిరిగినా కంగారు పడొద్దు, నీళ్ళు, వేడి తగ్గించినదాన్ని అది టైంతో పూడ్చుకుంటుంది. జీన్స్, తువ్వాళ్ళు సున్నితమైన బట్టల ప్రోగ్రాంలో వేయొద్దు. పట్టు, ఉన్ని దెబ్బతినకుండా అందులో కావాలనే నీళ్ళు ఎక్కువ పెట్టి, డ్రమ్ము మెల్లగా తిప్పుతారు. నీళ్ళు దండగ, మురికీ పోదు.

నిండుగా అంటే కుక్కడం కాదు. పొడి బట్టలు వేశాక పైన నిలువుగా అరచెయ్యి దూరాలి. దూరకపోతే బట్టలు పైనుంచి పడే చోటుండదు, మడతల్లో పౌడర్ చారలు మిగులుతాయి. ఒక్క దుప్పటే వేస్తే ఇంకో చిక్కు: అది ఉండ చుట్టుకుని ఒకవైపు బరువవుతుంది, పిండేటప్పుడు మెషీన్ ఊగి ఆగిపోతుంది, కొన్ని మెషీన్లు సర్దడానికి మళ్ళీ నీళ్ళు తీసుకుంటాయి. దుప్పటితో పాటు చిన్న బట్టలు కలపండి.

పౌడర్ ఎక్కువైందా అన్నది చివరి జాడింపులో అద్దం చూస్తే తెలుస్తుంది. అప్పటికీ నురుగు కనిపిస్తే వచ్చేసారి పావు వంతు తగ్గించండి. నురుగు పసిగట్టి తనంతట తాను ఇంకోసారి జాడించే మెషీన్లూ ఉన్నాయి, ఆ నీళ్ళూ మన స్కూప్ ఖాతాలోనే. ఫ్రంట్ లోడ్ పౌడరే వాడాలి, చేత్తో ఉతికే పౌడర్‌కు నురుగు ఎక్కువ. అయితే బోరు నీళ్ళ గట్టిదనం ఉన్నచోట పౌడర్ కొంచెం ఎక్కువే పడుతుంది, మరీ తగ్గిస్తే తెల్లబట్టలు కొన్నాళ్ళకు మసకబారతాయి. అందుకని ఒకేసారి సగం చేయకుండా కొద్దికొద్దిగా తగ్గించి చూడండి.

పసిపిల్లలున్న ఇళ్ళలో, చర్మం దురద పెట్టేవాళ్ళకు, అదనపు జాడింపు బటన్ నొక్కడం తప్పని మేము అనం. అది అవసరం. మామూలు రోజుల్లో అలవాటుగా నొక్కడమే వద్దంటున్నాం.

ఇప్పుడు మా అత్తయ్య బకెట్ పోయడం మానేశారు. చివరి జాడింపు నీళ్ళు డ్రమ్ములో పట్టి, బాత్రూంలు కడగడానికి వాడుతున్నారు. ఉగాది దగ్గర పడుతోంది, ఇంటింటా దుప్పట్లు, కర్టెన్లు ఉతికే రోజులు. అంతకుముందు ఒక్క ఆదివారం మీ ఇంట్లోనూ పైపు డ్రమ్ములో పెట్టి కొలవండి. ఎన్ని కిలోలకు ఎన్ని లీటర్లో కింద రాయండి, అందరి లెక్కలూ పక్కపక్కన పెట్టి చూద్దాం.